షుగర్ తగ్గింది, మరి మరణాలు?

ఒక మందు వల్ల మధుమేహం లేదా మరణం బారిన పడేవారు సగానికి పైగా తగ్గారని చదివితే, అది ప్రాణాలు కూడా నిలబెడుతోందనే ఎవరైనా అనుకుంటారు. 2006లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ‘డ్రీమ్’ ట్రయల్ ప్రధాన ఫలితం అలాంటిదే. షుగర్ వ్యాధి ఇంకా రాకున్నా, రక్తంలో చక్కెర ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉన్న 5,269 మందిని అందులో చేర్చుకున్నారు. సగం మందికి రోసిగ్లిటజోన్, మిగతా సగానికి మందు లేని మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించారు. మధుమేహం రావడం, చనిపోవడం – రెండింటిలో ఏది జరిగినా ఒకే పద్దులో వేశారు. మందు వాడినవాళ్లలో ఆ లెక్క 306, వాడనివాళ్లలో 686.

ఇలా కలపడంలో దోషమేమీ లేదు. ఈ వయసువాళ్లలో మూడేళ్లలో మరణాలు కొద్దిగానే ఉంటాయి. వాటినొక్కదాన్నే లెక్కించాలంటే ఇంకెన్నో వేలమందిని ఏళ్ల తరబడి గమనించాలి.

చిక్కల్లా ఆ పద్దును విప్పకుండా వదిలేయడంలోనే ఉంది. విప్పి చూస్తే మధుమేహం వచ్చినవారు 280, 658. చనిపోయినవారు 30, 33. అంటే తేడా దాదాపు మొత్తం మధుమేహం వల్ల వచ్చిందే. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

శ్రద్ధగా కూడితే ఇంకో సంగతి బయటపడుతుంది. 280, 30 కలిపితే 310 కావాలి కదా, పద్దులో 306 ఎందుకుంది? ఉమ్మడి లెక్కలో ఒక మనిషిని ఒక్కసారే, మొదట జరిగినదానికే లెక్కిస్తారు. మధుమేహం వచ్చి, తర్వాత చనిపోయిన నలుగురి మరణం అందులో కనిపించదు. అందుకే ఒక్కో భాగాన్నీ విడిగా చూపేటప్పుడు, మొదట జరిగినవాటినే కాకుండా జరిగిన ప్రతిదాన్నీ చెప్పాలి. డ్రీమ్ పరిశోధకులు మధుమేహాన్నీ మరణాలనీ విడివిడిగా ప్రకటించారు కాబట్టే ఈ కూడిక మనకు సాధ్యమైంది.

అయితే 30, 33 చూసి మందు మరణాలను ఆపలేదని తీర్పు చెప్పడమూ తొందరపాటే. అంత చిన్న సంఖ్యలు మేలు జరిగిందనీ చెప్పలేవు, జరగలేదనీ చెప్పలేవు. విడదీసిన లెక్క పని ఆ అనిశ్చితిని దాచకుండా చూపడం వరకే.

పద్దులో ఏం చేర్చలేదో కూడా చూడాలి. గుండె వైఫల్యం ఆ ఉమ్మడి లెక్కలో లేదు. విడిగా చూస్తే అది మందు వాడినవాళ్లలో 14 మందికి, వాడనివాళ్లలో ఇద్దరికి వచ్చింది. కొత్త మందు గురించి ఇలాంటి ఉమ్మడి ఫలితం కనిపించినప్పుడు, మరణాలెన్నో, మిగతావెన్నో, దుష్ప్రభావాలెన్నో విడివిడిగా చెప్పమని డాక్టరును అడగండి.