ఒకే పట్టిక నుంచి రెండు పందేల రేట్లు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌పై పందెం కట్టించుకునే కంపెనీలు ఎవరు గెలుస్తారన్న ఒక్క ప్రశ్నతో ఆగవు. ఒకే మ్యాచ్‌పై పదుల కొద్దీ పందేలు పెడతాయి. వాటిలో రెండు, పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. మొదటిది ‘బోత్ టీమ్స్ టు స్కోర్’. రెండు జట్లూ కనీసం ఒక్కో గోల్ కొడతాయా, కొట్టవా అన్నదే ఇందులో పందెం. జవాబు అవును లేదా కాదు. రెండోది ‘కరెక్ట్ స్కోర్’. మ్యాచ్ సరిగ్గా ఏ స్కోరుతో ముగుస్తుందో చెప్పాలి: 1-0, 2-1, 0-0 ఇలా. ఇందులో ఇరవైకి పైగా జవాబులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రేటు. ఇన్ని రేట్లనూ ఎవరో ఒక్కొక్కటిగా కూర్చుని ఊహించరు. అన్నీ ఒకే చిన్న గోల్స్ లెక్కలోంచి వస్తాయి.

రెండు పందేలకూ నిర్ణీత సమయమే లెక్క. అంటే 90 నిమిషాలు, దానికి రిఫరీ కలిపే ఇంజురీ టైమ్. అదనపు సమయం, పెనాల్టీ షూటౌట్ లెక్కలోకి రావు. 2022 ప్రపంచకప్ ఫైనల్ అదనపు సమయం తర్వాత 3-3గా నిలిచి, పెనాల్టీలలో అర్జెంటీనా గెలుపుతో ముగిసింది. కానీ కరెక్ట్ స్కోర్ పందెంలో అది 2-2 మ్యాచే, ఎందుకంటే 90 నిమిషాలు పూర్తయినప్పుడు ఉన్న స్కోరు అదే. ఆ రోజు 79వ నిమిషం దాకా అర్జెంటీనా 2-0 ఆధిక్యంలో ఉంది. అప్పటిదాకా ‘రెండు జట్లూ కొడతాయి’ అన్న పందెం ఓడిపోయే దారిలోనే ఉంది. 80, 81 నిమిషాల్లో ఎంబాపే రెండు గోల్స్ కొట్టాడు, వాటిలో మొదటిదానితోనే అది నెగ్గింది.

రేటును సంభావ్యతగా మార్చుకోవడం తేలిక. రేటు 2.00 అంటే 100 పౌండ్లు పెట్టినవారికి, గెలిస్తే పెట్టిన సొమ్ముతో కలిపి 200 పౌండ్లు వస్తాయి. 1ని రేటుతో భాగిస్తే సంభావ్యత వస్తుంది. రేటు 2.00 అయితే 50 శాతం, 4.00 అయితే 25 శాతం. కంపెనీ తన లాభం కోసం ప్రతి రేటునూ కొంత తగ్గించి ఇస్తుంది. ఆ సంగతి కాసేపు పక్కన పెట్టి, కోత లేని రేట్లతోనే లెక్క చూడవచ్చు. (ఈ పందేలకు బ్రిటన్‌లో చట్టం అనుమతి ఉంది. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి.)

లెక్కకు మూలం పాయిజాన్ విభాజనం. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ రెండో సంవత్సరం గణితం చదివినవారికి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. అరుదుగా, ఎప్పుడు జరుగుతాయో తెలియకుండా జరిగే సంఘటనలను లెక్కించడానికి పనికొచ్చే సూత్రమిది. సగటు ఒక్కటి తెలిస్తే చాలు, సున్నా సార్లు, ఒకసారి, రెండుసార్లు జరిగే అవకాశాలన్నీ చెబుతుంది. ఫుట్‌బాల్‌లో గోల్ అలాంటి సంఘటనే. 1982లో ఎం. జె. మహెర్ ఈ ఆటకు ఇప్పటికీ పునాదిగా ఉన్న నమూనాను ప్రచురించాడు. ప్రతి జట్టుకూ ఒక దాడి బలం, ఒక రక్షణ బలం ఉంటాయి. ఒక జట్టు దాడినీ ఎదుటి జట్టు రక్షణనూ కలిపితే, ఆ మ్యాచ్‌లో మొదటి జట్టు సగటున ఎన్ని గోల్స్ కొట్టవచ్చో వస్తుంది. మిగతా పని పాయిజాన్ సూత్రానిది.

ఒక మ్యాచ్ తీసుకుందాం. ఆతిథ్య జట్టు సగటు 1.5 గోల్స్, పర్యాటక జట్టు సగటు 1.1 గోల్స్ అనుకుందాం. ఆతిథ్య జట్టు ఒక్క గోల్ కూడా కొట్టకపోయే అవకాశం 22.3 శాతం, సరిగ్గా ఒకటి కొట్టే అవకాశం 33.5 శాతం, రెండు కొట్టే అవకాశం 25.1 శాతం. పర్యాటక జట్టుకు ఇవే అంకెలు వరుసగా 33.3, 36.6, 20.1 శాతం. రెండు జట్ల గోల్స్ ఒకదానిపై ఒకటి ఆధారపడవని అనుకుంటే, ఏ స్కోరు అవకాశమైనా కేవలం గుణకారం. 1-1కి 33.5 శాతాన్ని 36.6 శాతంతో గుణిస్తే 12.3 శాతం వస్తుంది, అంటే రేటు దాదాపు 8.2. 1-0కి 11.1 శాతం, రేటు 9.0. 0-1కి 8.2 శాతం, రేటు 12.2. 0-0కి 7.4 శాతం, రేటు 13.5.

ఇలా వచ్చిన అంకెలన్నీ ఒక పట్టికలో వేస్తే కరెక్ట్ స్కోర్ మార్కెట్ తయారు. అడ్డు వరుసలు ఆతిథ్య జట్టు గోల్స్, నిలువు వరుసలు పర్యాటక జట్టు గోల్స్. బోత్ టీమ్స్ టు స్కోర్ కూడా ఇదే పట్టికలో ఉంది. మొదటి అడ్డు వరుసలో ఆతిథ్య జట్టు సున్నా, మొదటి నిలువు వరుసలో పర్యాటక జట్టు సున్నా. ఆ రెండు వరుసలూ తీసేస్తే మిగిలే గడుల మొత్తమే ‘అవును’ జవాబు. మన మ్యాచ్‌లో అది 51.8 శాతం, రేటు 1.93. ఇంతకన్నా దగ్గరి దారి కూడా ఉంది. ఆతిథ్య జట్టు కనీసం ఒకటి కొట్టే అవకాశం 77.7 శాతం, పర్యాటక జట్టుకు 66.7 శాతం. రెండింటినీ గుణిస్తే అదే 51.8 వస్తుంది.

ఈ లెక్కను వెనక్కి నడిపితేనే అసలు విషయం బయటపడుతుంది. రేట్లు చూసి సగటులు కనుక్కోవచ్చు. 0-0 అవకాశం రెండు సగటుల మొత్తంపైనే ఆధారపడుతుంది, ఆ మొత్తం ఎలా పంచుకున్నారన్నదానిపై కాదు. 1.5, 1.1 అయినా, 2.0, 0.6 అయినా మొత్తం 2.6 కాబట్టి 0-0 రేటు రెండు చోట్లా 13.5గానే ఉంటుంది. బోత్ టీమ్స్ టు స్కోర్ అలా కాదు, అది పంపకాన్ని పట్టుకుంటుంది. 2.0, 0.6 మ్యాచ్‌లో బలహీన జట్టుకు ఒక్క గోలైనా దొరకడం కష్టం కాబట్టి ‘అవును’ అవకాశం 39 శాతానికి పడిపోయి, రేటు 2.56కి పెరుగుతుంది. 1-1 రేటు కూడా 8.2 నుంచి 11.2కి పోతుంది. అంటే 0-0 రేటు మొత్తం గోల్స్‌ను చెబితే, రెండో రేటు వాటి పంపకాన్ని చెబుతుంది. ఈ రెండు రేట్లూ చేతిలో ఉంటే పట్టిక మొత్తం తిరిగి రాయవచ్చు. ఏ జట్టు బలమైనదో మాత్రం ఇవి చెప్పవు, అందుకు గెలుపు రేటు చూడాలి.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. జట్లు దాదాపు సమానమైనప్పుడు బోత్ టీమ్స్ టు స్కోర్ రేటు మొద్దుబారుతుంది. 2.6ను సరి సగంగా, 1.3 చొప్పున పంచినా ‘అవును’ అవకాశం 52.9 శాతమే, రేటు 1.89. అంటే 1.5, 1.1 మ్యాచ్‌కూ 1.3, 1.3 మ్యాచ్‌కూ మధ్య తేడా రేటులో 0.04 మాత్రమే. ఇంత చిన్న తేడా కంపెనీ కోతలోనే కలిసిపోతుంది. కాబట్టి సమ ఉజ్జీల మ్యాచ్‌లో ఈ రేటు చూసి పంపకాన్ని కచ్చితంగా చెప్పబోవడం తప్పు.

పైన చెప్పిన సరి సగం లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. 0-0 అవకాశం ఇంత అని తేలిపోయాక, రెండు జట్లూ కొట్టే అవకాశం సరి సగం పంపకం దగ్గర గరిష్ఠానికి చేరుతుంది, అంతకు మించదు. నిజం మార్కెట్‌లో ఆ గరిష్ఠాన్ని దాటిన రేట్లు కనిపిస్తే, గోల్స్ ఒకదానిపై ఒకటి ఆధారపడవన్న ఊహే తప్పయి ఉండాలి. లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ డిక్సన్, స్టువర్ట్ కోల్స్ 1997లో ప్రచురించిన వ్యాసం సరిగ్గా ఈ లోపాన్నే సరిచేసింది. ఇంగ్లండ్ లీగ్ స్కోర్లతో పోల్చి చూస్తే గుణకారం లెక్క 0-0, 1-1, 1-0, 0-1 అన్న నాలుగు గడుల దగ్గర తప్పుతోందని వారు గుర్తించారు. వారి సవరణ మొదటి రెండింటినీ పెంచి, తరవాతి రెండింటినీ తగ్గిస్తుంది. మిగతా పట్టికను ముట్టుకోదు. స్కోరు సమంగా ఉన్నప్పుడు, ముఖ్యంగా ఆట చివర్లో, రెండు జట్లూ ఉన్నది పోగొట్టుకోకూడదని జాగ్రత్తగా ఆడటం దీనికి ఒక కారణం కావచ్చు.

మన మ్యాచ్‌లో ఈ సవరణ గుణకాన్ని –0.1గా తీసుకుంటే 0-0 అవకాశం 7.4 నుంచి 8.7 శాతానికి, 1-1 అవకాశం 12.3 నుంచి 13.5 శాతానికి పెరుగుతాయి. 1-0 అవకాశం 9.9కి, 0-1 అవకాశం 6.9కి తగ్గుతాయి. జట్ల సగటులు మాత్రం ఏమీ మారవు. 1-1 గడి ‘రెండు జట్లూ కొట్టాయి’ అన్న భాగంలోనిది కాబట్టి ‘అవును’ అవకాశం కూడా 53.1 శాతానికి పెరుగుతుంది. పాత లెక్కతోనే చూసేవారు ఇక్కడే పొరబడతారు. 0-0 రేటు 13.5 నుంచి 11.5కి తగ్గింది కదా అని మొత్తం గోల్స్ 2.6 కాదు, 2.45 అనుకుంటారు. అలా అయితే రెండు జట్లూ కొట్టే అవకాశం ఎంత పెంచినా 49.8 శాతం దాటకూడదు. కానీ నిజం 53.1. గోల్ లేని డ్రా అవకాశం, రెండు జట్లూ కొట్టే అవకాశం రెండూ ఒకేసారి పెరగడం విరుద్ధంగా అనిపించవచ్చు. ఆ పెరుగుదల అంతా 1-0, 0-1 గడుల నుంచి వచ్చిందని చూస్తే చిక్కు వీడిపోతుంది.

ఇక పక్కన పెట్టిన కంపెనీ కోత సంగతి. అది ఇక్కడే అడ్డు తగులుతుంది. 13.5 ఉండాల్సిన 0-0 రేటు 11.5గా కనబడితే, అది డిక్సన్-కోల్స్ సవరణ వల్ల కావచ్చు, కేవలం కోత వల్ల కూడా కావచ్చు. పైగా రెండే జవాబులున్న పందెంలో కన్నా, ఇరవైకి పైగా జవాబులున్న కరెక్ట్ స్కోర్‌లో కోత బాగా ఎక్కువ. రెండింటినీ వేరు చేయడానికి నాలుగు రేట్లు చాలు. 0-0 రేటును 1-1 రేటుతో, 1-0 రేటును 0-1 రేటుతో గుణించాలి. గోల్స్ ఒకదానిపై ఒకటి ఆధారపడకపోతే ఈ రెండు లబ్ధాలూ సమానంగా రావాలి. మన మ్యాచ్‌లో రెండూ 110 దగ్గరే ఉంటాయి. కోత అన్ని రేట్లకూ ఒకే నిష్పత్తిలో పడితే రెండు లబ్ధాలూ ఒకేలా తగ్గుతాయి కాబట్టి సమానత్వం చెదరదు. సవరణ చేరినప్పుడు మాత్రం మొదటిది 85కి దిగి, రెండోది 145కి ఎక్కుతుంది.

కోత అన్నింటికీ సమంగా పడుతుందన్న హామీ లేదు. అరుదైన స్కోర్ల మీద, అంటే పెద్ద రేట్ల మీద, కంపెనీలు మామూలుగా ఎక్కువ కోత వేస్తాయి. అందుకే 3-3, 4-2 లాంటి గడుల రేట్ల నుంచి సగటులు లాగబోతే, అసలు కన్నా ఎక్కువ గోల్స్ పడే మ్యాచ్‌గా కనబడుతుంది. 0-0, 1-0, 0-1, 1-1 గడుల రేట్లు చాలా మ్యాచ్‌లలో అంత పెద్దవి కావు. వాటిలో ఒకదానికీ ఇంకోదానికీ కోత తేడా తక్కువ. ఆ నాలుగింటితో, బోత్ టీమ్స్ టు స్కోర్ రేటుతో చేసిన లెక్కే ఎక్కువ నమ్మదగినది.