ఒక్క ఊపిరితో గంటసేపు నీళ్ల కింద

వెడెల్ సీల్ అంటార్కిటికా తీరంలో, గడ్డకట్టిన సముద్రం కింద వేటాడి బతికే జంతువు. బాగా పెరిగిన సీల్ 400 కిలోలకు పైగానే తూగుతుంది. మంచులోని పగుళ్ల దగ్గర ఊపిరి తీసుకుని, చేపల కోసం వందల మీటర్ల లోతుకు దిగి, మళ్లీ పైకి వస్తుంది. మామూలుగా ఒక్కో మునక పది, ఇరవై నిమిషాలు ఉంటుంది. అవసరమైతే గంట దాటినా అది ఊపిరి పీల్చుకోకుండా ఉండగలదు. మామూలు మనిషి రెండు నిమిషాలు ఊపిరి బిగపట్టడమే కష్టం. సీల్‌కూ మనిషికీ ఉన్నది ఒకే రకం గుండె, ఊపిరితిత్తులు, రక్తమే. తేడా అల్లా శరీరం ఆక్సిజన్‌ను ఎంత దాచుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది, దాన్ని ఎవరికి పంచుతుంది అన్న మూడు విషయాల్లో ఉంది.

నిల్వ ఎంత, ఎక్కడ

ఊపిరి బిగపట్టిన శరీరంలో ఆక్సిజన్ మూడు చోట్ల ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని గాలిలో కొంత, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుని కొంత, కండరాల్లోని మయోగ్లోబిన్ అనే మాంసకృత్తులో కొంత. 70 కిలోల మనిషి ఛాతీ నిండా గాలి పీల్చుకుంటే మొత్తం నిల్వ సుమారు 2 లీటర్లు. ఇందులో మూడో వంతుకు పైగా ఊపిరితిత్తుల్లో, దాదాపు సగం రక్తంలో, మిగిలిన కాస్త కండరాల్లో ఉంటాయి.

వెడెల్ సీల్‌లో ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. దాని శరీరంలో కిలో బరువుకు దాదాపు 87 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. మనిషిలో అది 30 మిల్లీలీటర్లకు లోపే. అంటే 400 కిలోల సీల్ దగ్గర 35 లీటర్ల దాకా నిల్వ ఉన్నట్టు. అందులో ఊపిరితిత్తుల వాటా 20వ వంతు మాత్రమే. మూడింట రెండు వంతులు రక్తంలో, మిగిలినదాదాపు అంతా కండరాల్లో ఉంటుంది.

రక్తంలో ఇంత ఆక్సిజన్ పట్టడానికి రెండు కారణాలున్నాయి. మనిషికి కిలో బరువుకు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటే, ఈ సీల్‌కు దాదాపు మూడింతలు ఉంటుంది. ఆ రక్తం చిక్కన కూడా. మనిషి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే సీల్ రక్తంలో 25 గ్రాములు దాటుతుంది. అయితే ఇంత చిక్కని రక్తాన్ని రోజంతా తిప్పడం గుండెకు భారం. అందుకే సీల్ ఒడ్డున పడుకుని ఉన్నప్పుడు ఎర్ర రక్తకణాల్లో పెద్ద భాగాన్ని తన పెద్ద ప్లీహంలో దాచిపెడుతుంది. మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని ఆ కణాలను రక్తంలోకి వదులుతుంది. పది, పన్నెండు నిమిషాల్లో రక్తంలో ఎర్రకణాల వాటా 40 శాతం నుంచి 60 శాతం దరిదాపులకు చేరుతుంది.

కండరాల సంగతి మరీ విశేషం. సీల్ మాంసం ఎరుపు దాటి నల్లగా కనిపిస్తుంది. అది మయోగ్లోబిన్ రంగు. మనిషి కండరంతో పోలిస్తే అది దాదాపు పది రెట్లు ఎక్కువ. తిమింగలాల్లోనూ ఇంతే. 1950లలో జాన్ కెండ్రూ ఒక మాంసకృత్తు నిర్మాణాన్ని తొలిసారి ఛేదించడానికి స్పెర్మ్ తిమింగలం మయోగ్లోబిన్‌ను ఎంచుకోవడానికి అది సమృద్ధిగా దొరకడం ఒక కారణం. 1962లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ పనికే. ఒక మాంసకృత్తు కండరంలో ఇంత కిక్కిరిసి ఉంటే అణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టాలి. అలా ఎందుకు జరగదో 2013లో బ్రిటన్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. లోతుగా మునిగే జంతువుల మయోగ్లోబిన్ ఉపరితలం మీద ధన విద్యుదావేశం ఎక్కువ. ఆ ఆవేశం వల్ల అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అంటుకోవు.

గుండె ఎందుకు నెమ్మదిస్తుంది

నిల్వ ఎంత ఉన్నా అన్ని అవయవాలూ మామూలుగానే వాడుకుంటే త్వరగా హరించుకుపోతుంది. ఆ ఖర్చును అదుపు చేసేదే మునక ప్రతిచర్య. నీళ్లలో ముంచిన బాతుల గుండె నెమ్మదిస్తుందని 1870లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బేర్ రాశాడు. దీని వెనుక ఉన్న ఏర్పాటును బయటపెట్టింది నార్వేకు చెందిన పెర్ షోలాండర్. ఆయన 1940లో ప్రచురించిన పరిశోధనలో సీళ్లను నీటిలో ముంచి పరీక్షించాడు. మునగగానే గుండె వేగం ఎన్నో రెట్లు పడిపోయింది. అదే సమయంలో కండరాలకు రక్తం వెళ్లడం దాదాపు ఆగిపోయింది. మునిగినంతసేపూ రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగలేదు. జంతువు పైకి వచ్చి ఊపిరి తీసుకున్నాక ఒక్కసారిగా పెరిగింది. ఆక్సిజన్ లేకుండా పనిచేసిన కండరాల్లో పుట్టిన ఆమ్లం అప్పటిదాకా అక్కడే బందీగా ఉందన్నమాట.

ఈ ప్రతిచర్యలో రెండు పనులు జోడుగా జరుగుతాయి. ముఖానికి నీళ్లు తగలగానే, ఊపిరి ఆగగానే, ముఖంలోని ట్రైజెమినల్ నాడి మెదడుకు కబురు పంపుతుంది. మెదడు వేగస్ నాడి ద్వారా గుండెను నెమ్మదింపజేస్తుంది. మరోపక్క కండరాలకు, చర్మానికి, మూత్రపిండాలకు, పేగులకు వెళ్లే ధమనులు బిగుసుకుంటాయి. తిరిగే రక్తంలో ఎక్కువ వాటా మెదడుకే దక్కుతుంది. నాళాలు బిగుసుకోకుండా గుండె మాత్రమే నెమ్మదిస్తే రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం అందదు. సీళ్లలో గుండె నుంచి బయలుదేరే మహాధమని మొదలు ఉబ్బి, సాగే గుణంతో ఉంటుంది. ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య చాలాసేపు విరామం వచ్చినా ఆ ఉబ్బు మెల్లగా సంకోచిస్తూ రక్తాన్ని ముందుకు నెడుతూనే ఉంటుంది.

కండరాలకు రక్తం ఆపడంలో మరో ఉపాయం ఉంది. మయోగ్లోబిన్ ఆక్సిజన్‌ను హిమోగ్లోబిన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. రక్తం కండరాల్లోకి ధారాళంగా పారితే అవి అందులోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. దారి మూసేస్తే కండరాలు సొంత నిల్వతో గడుపుకుంటాయి, రక్తంలోనిది మెదడుకు మిగులుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఎవరి ఖర్చు వాళ్ల సంపాదనతో పెట్టుకుని, ఉమ్మడి సొమ్మును పెద్దల మందులకు దాచినట్టే ఇది.

షోలాండర్ చూసింది బలవంతంగా ముంచిన జంతువులను. స్వేచ్ఛగా మునిగే సీళ్లలో గుండె అంత తీవ్రంగా నెమ్మదించదు. చిన్న మునకలో కొద్దిగా, చాలాసేపు సాగబోయే మునకలో మొదటి నుంచే బాగా తగ్గుతుంది. అంటే జంతువు తన ప్రయాణాన్ని బట్టి కొంతవరకు ముందే సిద్ధపడుతోందన్నమాట. భూమి మీద అతి పెద్ద జంతువైన నీలి తిమింగలం గుండెచప్పుడును 2019లో అమెరికా పరిశోధకులు కాలిఫోర్నియా తీరంలో తొలిసారి నమోదు చేశారు. నీటి పైన నిమిషానికి 25 నుంచి 37 సార్లు కొట్టుకున్న గుండె లోతులో నాలుగు నుంచి ఎనిమిది సార్లకు, ఒక్కోసారి రెండుకు పడిపోయింది.

ఇరవై నిమిషాల గీత

ఈ నిల్వ నిజంగా ఎంతసేపు వస్తుందో తేల్చింది అమెరికా శాస్త్రవేత్త గెరాల్డ్ కూయిమన్. అంటార్కిటికాలోని మెక్‌మర్డో జలసంధిలో, దగ్గరలో మరే పగులూ లేని చోట మంచుకు రంధ్రం చేసి ఆయన బృందం సీళ్లను అందులోకి వదిలింది. ఊపిరి కోసం అవి మళ్లీ అదే రంధ్రానికి రావలసిందే. అలా వచ్చిన ప్రతిసారీ రక్తం పరీక్షించడం వీలైంది. ఆ ఫలితాలు 1980లో వెలువడ్డాయి. సుమారు 20 నిమిషాల లోపు మునకల తర్వాత రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగలేదు. ఆ గీత దాటితే మునక పొడవును బట్టి పెరుగుతూ పోయింది.

35 లీటర్లు 20 నిమిషాలకు వస్తున్నాయంటే నిమిషానికి దాదాపు 1.75 లీటర్లు, కిలోకు 4 మిల్లీలీటర్లు దాటిన ఖర్చు. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి కిలోకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు వాడతాడు. ఈదుతూ, వేటాడుతూ ఉన్న సీల్ ఖర్చు పడుకున్న మనిషి ఖర్చుకు దగ్గరగా ఉంది. దిగేటప్పుడు చాలాదూరం కాళ్లు ఆడించకుండా జారుతూ పోవడం ఈ పొదుపులో ఒక భాగం.

గీత దాటి మునగడానికి మూల్యం ఉంది. 45 నిమిషాల మునక తర్వాత ఆమ్లం వదిలించుకోవడానికి సీల్ గంటకు పైగా పైన ఉండాలి. 15 నిమిషాల మునక తర్వాత నాలుగైదు నిమిషాలు చాలు. అందువల్ల రెండు గంటల్లో ఒక్క పెద్ద మునక వేసినదానికంటే ఆరు చిన్న మునకలు వేసినదానికి వేట సమయం రెట్టింపు దొరుకుతుంది. వెడెల్ సీళ్లు ఎక్కువగా ఈ గీత లోపలే మునుగుతాయి. పొడవైన మునకలు కొత్త పగులు వెతుక్కోవడానికో, ప్రమాదం తప్పించుకోవడానికో దాచుకున్న శక్తి.

ఈ లెక్కకు లొంగని జంతువు కువియర్ ముక్కు తిమింగలం. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో ఇది ఒకసారి 3 గంటల 42 నిమిషాలు మునిగి ఉన్నట్టు 2020లో ప్రచురితమైంది. దాని నిల్వ అరగంటకు కాస్త పైన సరిపోవాలని అంచనా. అయినా గంట సేపు మునగడం దానికి మామూలే. పెద్ద మునక తర్వాత ఎక్కువసేపు విశ్రాంతి తీసుకోవాలన్న నియమం కూడా దానికి పట్టినట్టు కనిపించదు. శాస్త్రజ్ఞులకు ఇది ఇంకా తేలని లెక్క.

మనిషి దగ్గర ఉన్నది, లేనిది

ఈ ప్రతిచర్య మనిషిలోనూ ఉంది. చల్లటి నీళ్లలో ముఖం ముంచి ఊపిరి బిగపడితే గుండె వేగం సాధారణంగా పది నుంచి పాతిక శాతం తగ్గుతుంది. పసిపిల్లల్లో ఇది ఇంకా బలంగా ఉంటుంది. కొన్ని రకాల గుండెదడను ఆపడానికి వైద్యులు ముఖం మీద చల్లదనం పెట్టడం కూడా దీని ఆధారంగానే. మనిషి ప్లీహమూ కొంత ముడుచుకుంటుంది. ఇండోనేషియా పరిసరాల్లో తరతరాలుగా మునిగి చేపలు పట్టే బజావు ప్రజల ప్లీహం పొరుగు గ్రామాల వారికంటే దాదాపు 50 శాతం పెద్దదని 2018లో తేలింది.

లేనిది నిల్వ. మనిషి కండరాల్లో మయోగ్లోబిన్ తక్కువ కాబట్టి రక్తం ఆగగానే అవి త్వరగా అలసిపోతాయి. పైగా మనిషి తన నిల్వలో పెద్ద వాటాను గాలిగా ఊపిరితిత్తుల్లో మోసుకెళతాడు. సీల్ దీనికి విరుద్ధంగా మునిగే ముందు గాలి వదిలేస్తుంది. 25 నుంచి 50 మీటర్ల లోతులో నీటి ఒత్తిడికి దాని ఊపిరితిత్తులు ముడుచుకుపోయి, రక్తంలోకి వాయువుల రాకపోకలు ఆగిపోతాయి. దానివల్ల నైట్రోజన్ రక్తంలో పేరుకుపోయే ముప్పు తగ్గుతుంది.

మనిషికి ఊపిరి తీసుకోమని ఒత్తిడి పెట్టేది ముఖ్యంగా ఆక్సిజన్ కొరత కాదు, రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. మునిగే ముందు గబగబా పెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు. మామూలుగానే హిమోగ్లోబిన్ దాదాపు నిండి ఉంటుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ పోతుంది, హెచ్చరిక ఆలస్యమవుతుంది. లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం కూడా ఒక్కసారిగా పడిపోతుంది. దాంతో ఊపిరి ఆడక గిలగిల్లాడే అవకాశం కూడా లేకుండా నీటి పైభాగానికి వచ్చే లోపే స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్లు కూడా బావుల్లో, ఈతకొలనుల్లో ఇలా ప్రాణాలు పోగొట్టుకుంటారు. అందుకే ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో అని పందెం వేసుకోకూడదు, మునిగే ముందు గబగబా ఊపిర్లు తీయకూడదు, పక్కన చూసే మనిషి లేకుండా ఊపిరి బిగపట్టి మునగకూడదు.