38 మంది పిల్లలు, 38 వరుసలు

హైదరాబాదులోని ఒక బడిని ఊహించుకుందాం. తొమ్మిదో తరగతి పిల్లలు 38 మందిని రెండు రోజుల క్యాంపుకు భువనగిరి తీసుకెళ్లాలన్నది ఆలోచన. మొదటి రోజు కోట గుట్ట ఎక్కడం, రాత్రి గుడారాల్లో పడక, రెండో రోజు తాళ్ల సాయంతో బండ ఎక్కి దిగడం. ఇంటికి కన్సెంట్ ఫారాలు పంపారు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం క్లాస్ టీచరు కాగితాలు లెక్కపెట్టి 38 వచ్చాయని చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ లెక్కలోనే పొరపాటుంది. 38 కాగితాలు వచ్చాయంటే 38 మంది తల్లిదండ్రులు ఒప్పుకున్నారని కాదు. వాటిలో ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, దేనికి ఒప్పుకున్నారు, పిల్ల ఆరోగ్యం గురించి ఏం రాశారు అన్నవి చదివితేగానీ తెలియవు. క్యాంపు నడిపేవాళ్లకు కావలసింది కాగితాల కట్ట కాదు. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస ఉన్న రిజిస్టరు కావాలి.

చట్టం ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం. మన దేశంలో 18 ఏళ్లు నిండేదాకా మైనరే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చి చెప్పింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి బండల మీద శిక్షణ పొందిన పిల్ల ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరం చేరగలిగింది, కానీ చట్టం దృష్టిలో తన తరఫున తానే ఒక కాగితం మీద సంతకం పెట్టగల వయసు ఆమెకు లేదు. పిల్ల ఇష్టం, ధైర్యం ఎంత ఉన్నా ఆ సంతకం పెద్దవాళ్లే పెట్టాలి.

పెద్దవాళ్ల సంతకం మాత్రం ఏం చేస్తుంది? బళ్లు పంపే చాలా ఫారాల్లో కింద ఒక వాక్యం ఉంటుంది: ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు, మేము ఎలాంటి దావా వేయము. నిర్వాహకులు దీన్ని కవచం అనుకుంటారు. తల్లిదండ్రులు దీన్ని చూసి భయపడతారు, లేదా చదవకుండానే సంతకం పెడతారు. నిజానికి నిర్లక్ష్యం రుజువైతే ఆ వాక్యాన్ని పట్టుకుని ఒడ్డున పడటం కష్టం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ దుఃఖం ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఆరలేదు. హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వమన్నప్పుడు డ్యామ్ నడిపిన విద్యుత్ బోర్డుతో పాటు కళాశాలను కూడా బాధ్యులను చేసింది. వెంట తీసుకెళ్లినవాళ్లకు కనిపెట్టుకుని ఉండాల్సిన బాధ్యత ఉంటుంది. తల్లి పెట్టిన సంతకంతో అది మాసిపోదు.

అమెరికాలో పిల్లల్ని వేసవి క్యాంపులకు పంపే తెలుగు కుటుంబాల చేతికీ ఇలాంటి కాగితమే వస్తుంది. అక్కడ దాని బలం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒక సాకర్ క్లబ్బు కేసులో తల్లి సంతకం చెల్లుతుందని ఒహాయో సుప్రీంకోర్టు 1998లో అంది. స్కేటింగ్ పార్కు కేసులో అలాంటి సంతకం పిల్లవాడి హక్కును తీసేయలేదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2006లో అంది.

అలాగని కాగితం వద్దని కాదు. అందులోని అసలు విలువ వేరే చోట ఉంది. ప్రమాదం ఎలాంటిదో తల్లిదండ్రులకు ముందే వివరంగా చెప్పామనడానికి అది సాక్ష్యం. ‘సాహస క్రీడల్లో ప్రమాదం ఉండవచ్చు’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘మీ పాప నడుముకు హార్నెస్ కట్టి, పైనుంచి తాడు పట్టుకుని ఇంత ఎత్తున్న బండ మీద నుంచి దించుతాం. మోకాళ్లు గీసుకుపోవచ్చు, కాలు మడతపడి బెణకవచ్చు. బండ చరియల కింద తేనెపట్లు ఉండే చోట్లు ఉంటాయి, ఈగలు లేస్తే కుట్టవచ్చు’ అని రాస్తే చదివిన తల్లికి మనసులో ఒక బొమ్మ కడుతుంది. అప్పుడే ఆమెకు తన పాప చిన్నప్పుడు తేనెటీగ కుడితే మొహమంతా వాచిన సంగతి గుర్తొస్తుంది. ఫారం తెలుగులో ఎందుకు ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు చదవలేని తల్లి ఇంగ్లీషు ఫారం మీద పెట్టిన సంతకాన్ని అంగీకారం అనలేం. వేలిముద్ర వేసేవాళ్లయితే చదివి వినిపించింది ఎవరో ఆ పేరు పక్కన రాయాలి.

మళ్లీ మన బడికి వద్దాం. టీచరు రాత్రి కూర్చుని కాగితాలు ఒక్కొక్కటే చదివి, రోల్ నంబరు వరుసలో రిజిస్టరు నింపిందనుకోండి. ఆమె ప్రతి పిల్ల పేరుకు ఎదురుగా ఐదు గళ్లు గీసింది. సంతకం ఎవరిది, క్యాంపుకు ఒప్పుకున్నారా, తాళ్లతో ఎక్కడానికి విడిగా ఒప్పుకున్నారా, ఆరోగ్య వివరాలు చదివి చూశామా, ఆసుపత్రిలో వైద్యానికి అనుమతి ఉందా. టిక్కు పెట్టి వదిలేయకుండా చూసిన తేదీ, చూసినవాళ్ల పొడి అక్షరాలు కూడా వేసింది. అంతా అయ్యాక 38లో ఏ లోపమూ లేనివి 31 అని తేలింది. మిగిలిన ఏడింటి సంగతే అసలు పని.

నాలుగింటిలో సంతకం చిక్కు. ఇద్దరు పిల్లల కాగితాల మీద తండ్రి సంతకం పిల్ల దస్తూరీలాగే ఉంది, అదే పెన్ను, అదే వాలు. ఇలాంటప్పుడు ఫారం మీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తే లాభం లేదు, ఆ నంబరూ పిల్ల రాసిందే కావచ్చు. అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న నంబరుకు చేయాలి. ఒక తండ్రికి క్యాంపు సంగతే తెలియదు. ఇంకో తండ్రికి తెలుసు, చెయ్యి ఖాళీ లేక ‘నువ్వే పెట్టుకో అమ్మా’ అన్నాడు. ఇద్దరి చేతా మళ్లీ సంతకం పెట్టించారు.

మూడో కాగితం మీద హాస్టల్ వార్డెన్ సంతకం, నాలుగోదాని మీద నానమ్మది. వార్డెన్ పిల్లను చూసుకుంటుంది నిజమే, కానీ సంరక్షకురాలు కాదు. హిందూ మైనారిటీ చట్టం సహజ సంరక్షకులుగా తండ్రిని, తల్లిని చెబుతుంది. తండ్రి బతికున్నా, పిల్లల బాగోగులు చూసే స్థితిలో లేకపోతే తల్లి సంరక్షకురాలేనని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. నానమ్మ సంగతి తెలుగు నేల మీద మరీ సున్నితమైనది. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో తల్లో తండ్రో ఇద్దరూనో గల్ఫ్‌లో ఉంటే నానమ్మ చేతుల్లో పెరిగే పిల్లలు ఎంతోమంది. నానమ్మ సంతకం చాలదని ఆ పిల్లను ఆపేస్తే అన్యాయం. ఫారం ఫొటో తల్లికి పంపి, సంతకం చేసిన కాగితం ఫొటో తిరిగి తెప్పించుకోవచ్చు. అత్యవసరంలో నిర్ణయం నానమ్మ తీసుకోవచ్చని అందులోనే తల్లి ఒక వాక్యం రాస్తే రెండు దారులూ తెరుచుకుంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ‘ఓకే’ ఒక్కటి మాత్రం చాలదు, దేనికి ఓకే అన్నారో అందులో ఉండదు.

ఇద్దరు పిల్లలది ఆరోగ్యం. ఒకరి ఫారంలో ‘జబ్బులు: లేవు’ అని ఉంది, కింద ‘వాడుతున్న మందులు’ దగ్గర ఇన్‌హేలర్ పేరు ఉంది. పిల్లను వదిలేసి వెళ్తారేమోనని ఇళ్లలో జబ్బు దాచడం మామూలే. అందుకే ‘జబ్బు ఉందా’ అని అడగడం కంటే ‘గత ఏడాది ఏ మందులు వాడారు, ఆసుపత్రిలో ఎప్పుడైనా ఉంచారా’ అని అడిగితే నిజం తేలిగ్గా బయటికొస్తుంది. ఉబ్బసం ఉంటే ఎక్కకూడదని కాదు. ఇన్‌హేలర్ బస్సులోని సంచిలో కాక పిల్ల జేబులో ఉండాలి, రెండోది ముందు నడిచే ఇన్‌స్ట్రక్టరు దగ్గర ఉండాలి. రెండో పిల్ల తల్లి తేనెటీగల సంగతి రాసింది. ఆమెను డాక్టరుకు చూపించి, ఆయన ఏమన్నాడో కాగితం తెమ్మన్నారు.

ఆఖరి కాగితంలో తండ్రి క్యాంపుకు ఒప్పుకుని, తాళ్ల దగ్గర ‘వద్దు’ అని రాశాడు. టీచరు లెక్కలో అది కూడా ‘వచ్చింది’ అయిపోయింది. ఆ పిల్లవాడు పదిహేడో నంబరు.

వైద్యానికి అనుమతి అన్న గడి గురించి ఒక మాట. ప్రాణం మీదికొస్తే ఏ కాగితమూ లేకుండానే వైద్యం చేయాలి, 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. కాగితం అక్కరకొచ్చేది ప్రాణాపాయం లేని గాయాలకు. చెయ్యి విరిగి, మత్తిచ్చి ఎముక సరిచేయాల్సి వస్తే డాక్టరు ముందు అడిగేది తల్లిదండ్రుల అనుమతే. గుట్ట మీద సిగ్నల్ లేక తండ్రికి ఫోన్ కలవకపోతే పిల్ల నొప్పితో గంటలు గడపాలి.

రెండో రోజు పొద్దున వాన పడిందనుకోండి. తడిసిన బండ మీద తాళ్ల పని ఆపేసి, పక్కనే చెరువులో పడవ ఎక్కిద్దామని ఎవరో అంటారు. పిల్లలు సంబరపడతారు, బస్సు ఎలాగూ ఉంది. కానీ 38 కాగితాల్లో ఎక్కడా నీళ్ల మాట లేదు. ఒప్పుకున్నది బండకు, ఈత రాని పిల్లను పడవ ఎక్కించడానికి కాదు. వరుసలో చెరువు గడి ఖాళీగా ఉంది కాబట్టి ఎవరూ పడవ ఎక్కరు. బియాస్ ఒడ్డున విద్యార్థులు ఆగింది కూడా దారిలో ఫొటోల కోసం కాసేపే. అలా అనుకోకుండా ఆగే చోటుకు ఎవరి అనుమతీ, ఎవరి జాగ్రత్తా ముందుగా ఉండవు.

గుట్ట ఎక్కే ఇన్‌స్ట్రక్టరు చేతికి రిజిస్టరు మొత్తం ఇవ్వక్కర్లేదు. ప్లాస్టిక్ కవర్లో ఒక చీటీ చాలు: పదిహేడో నంబరు తాళ్లు వద్దు, ఇరవై మూడు ఇన్‌హేలర్, ముప్పై ఒకటి తేనెటీగలు, ఒక్కొక్కరికీ ఫోన్ చేయాల్సిన నంబరు. పిల్లకు మూర్ఛ ఉందనో రాత్రి పక్క తడుపుతుందనో క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ పిల్ల మళ్లీ బడికి తలెత్తుకుని రాలేదు. 18 ఏళ్లలోపువాళ్ల వ్యక్తిగత డిజిటల్ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది.

క్యాంపు నుంచి తిరిగొచ్చాక ఆ చీటీని చింపేయాలి. సంతకాల కాగితాలను మాత్రం దాచాలి. 1963 నాటి లిమిటేషన్ చట్టం మైనరుకు 18 నిండాక కూడా గరిష్ఠంగా మూడేళ్ల దాకా దావా వేసే వీలు ఇస్తుంది. పద్నాలుగేళ్ల పిల్ల కాగితం ఆమెకు 21 వచ్చేదాకా, అంటే ఏడేళ్లు, బడి బీరువాలో ఉండాలి. ఆ పక్కనే ఆ ఏడాది పంపిన ఫారం ప్రతి ఒకటి, రిజిస్టరు, వాన పడ్డ రోజు ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో రాసిన పేజీ కూడా.