మంట ఆరాకే నీళ్ళు ఎక్కుతాయి

పళ్ళెంలో రంగునీళ్ళు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి. దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తే మంట ఆరి, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. ‘ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి’ అని చెప్పి ముగించే వీడియోలు బోలెడు. నిజానికి ముఖ్య కారణం అది కాదు. స్క్రిప్టులో ఆగాల్సిన చోట ఆగితే ఆ సంగతి పిల్లలే పట్టేస్తారు.

ముందు ఊహించడం, తర్వాత గమనించడం, ఆపైన కారణం చెప్పడం అనే పద్ధతిని రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టోన్ 1992లో తమ పుస్తకంలో వివరించారు. ఊహ కాగితం మీద పడ్డాకే ప్రయోగం మొదలవ్వాలి. లేకపోతే చూశాక అందరూ ‘నేనూ అదే అనుకున్నా’ అంటారు.

జాగ్రత్తలు చివర్లో చిన్న అక్షరాల్లో వేస్తే ఎవరూ చదవరు. అగ్గిపుల్ల గీయకముందే చేసి చూపించాలి. జుట్టు ముడేసుకుని, చున్నీ వెనక్కి కట్టుకుని, శానిటైజర్ సీసా దూరంగా పెట్టి, పక్కనే నీళ్ళ బకెట్ ఉంచుకోవాలి. వెలిగించేది పెద్దవాళ్ళే. ప్రయోగం అయ్యాక కూడా గ్లాసు అడుగు వేడిగా ఉంటుంది, వెంటనే ముట్టుకోకూడదు. చెయ్యి కాలితే చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి, టూత్‌పేస్టు పూయొద్దు.

స్క్రిప్టులో అసలు ఘట్టం ఇలా రాయొచ్చు:

‘గ్లాసు బోర్లించబోతున్నాను. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయి? మంట వెలుగుతున్నప్పుడా, ఆరాకా? వీడియో ఆపి నోటుపుస్తకంలో రాయండి.’ (20 సెకన్లు. మాటలు, సంగీతం ఉండవు.)

‘ఇప్పుడు గ్లాసు అంచునీ మంటనూ కలిపి చూడండి.’ (కెమెరా నీటిమట్టానికి సమానంగా, మధ్యలో కట్ లేకుండా.)

ఆ ఒక్క షాట్‌లోనే అంతా ఉంది. బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి ఒక్కోసారి బుడగలు వస్తాయి. అది వేడికి వ్యాకోచించి బయటికి పోతున్న గాలి. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్ళు పెద్దగా కదలవు. ఆరగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి పీడనం నీళ్ళను లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ తగ్గడం, నీటి ఆవిరి ద్రవంగా మారడం కొంత తోడవుతాయి. అయితే మంట ఆరేనాటికి ఆక్సిజన్ ఇంకా చాలావరకు మిగిలే ఉంటుంది. పైగా ఖర్చయినదాని బదులు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది.

ఇక్కడ రెండోసారి ఆపాలి. ‘అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెడితే?’ గ్లాసులో ఉన్న ఆక్సిజన్ మారదు కాబట్టి కారణం అదే అయితే మట్టం మారకూడదు. కానీ నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. మూడు మంటల వేడికి ఎక్కువ గాలి ముందే బయటికి పోయింది మరి. రెండు మట్టాలనూ మార్కర్‌తో గ్లాసు మీద గీస్తే తేడా కళ్ళకు కడుతుంది.

వీడియో తీసే టీచర్లూ, ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడిగిన రెండు సెకన్లకే జవాబు చెప్పేయకండి.