ఎన్‌పీఎస్: అరవై ఏళ్లకు ఎంత తీసుకోవచ్చు, పన్ను ఎంతకు ఉండదు?

నేషనల్ పెన్షన్ సిస్టమ్‌లో (ఎన్‌పీఎస్) ఉన్న ప్రైవేటు ఉద్యోగులకు 2025 డిసెంబర్‌లో నిబంధన మారింది. ఖాతాలో 12 లక్షలకు పైగా ఉంటే, అరవై ఏళ్లకు 80 శాతం ఒకేసారి తీసుకోవచ్చు. మిగతా 20 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం కొనాలి. ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం పాత లెక్కే: 60 శాతం చేతికి, 40 శాతం యాన్యుటీకి.

80 శాతం తీసుకోవచ్చు కదా అని అంతటికీ పన్ను లేదనుకుంటే పొరపాటే. డబ్బు తీసే నిబంధన పెన్షన్ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏది. పన్ను మినహాయింపు ఆదాయపు పన్ను చట్టంలోది. ఆ నిబంధన మారినప్పుడు చట్టంలోని మినహాయింపు 60 శాతం దగ్గరే ఉంది. అందుకే పైన తీసుకునే 20 శాతం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుందనుకునే లెక్క వేసుకోవాలి.

ఒక ప్రైవేటు కంపెనీ అకౌంటెంట్ 2026 ఫిబ్రవరిలో రిటైర్ అయ్యారనుకుందాం. ఖాతాలో 20 లక్షలు ఉన్నాయి. 80 శాతం అంటే 16 లక్షలు. అందులో 12 లక్షలకు పన్ను లేదు, మిగతా 4 లక్షలది పేచీ. స్టాండర్డ్ డిడక్షన్ పోను ఆ ఏడాది జీతం 12 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి జీతం మీద కట్టేదేమీ లేదు. కానీ మార్చిలోపే డబ్బు తీస్తే ఆదాయం 16 లక్షలవుతుంది. రిబేటు పోయి, సెస్‌తో కలిపి 1,24,800 రూపాయల పన్ను పడుతుంది.

అదే డబ్బు ఏప్రిల్ తర్వాత తీసుకుంటే? అప్పటికి జీతం ఉండదు. వేరే పెద్ద ఆదాయం లేకపోతే, రేట్లు అవే ఉంటే, ఆ 4 లక్షలు కలిసినా ఆదాయం 12 లక్షలలోపే ఉంటుంది, పన్ను సున్నా. అరవై నిండాయని వెంటనే తీయాల్సిన పని లేదు, ఖాతాను కొనసాగించుకోవచ్చు. కాకపోతే ఆ నెలల్లో మార్కెట్‌ను బట్టి మొత్తం పెరగవచ్చు, తగ్గవచ్చు.

ఇక మిగిలిన 4 లక్షలతో యాన్యుటీ కొంటే, కొన్నప్పుడు పన్ను లేదు. కానీ దాని మీద వచ్చే పెన్షన్ ఏటా ఆదాయమే. ఏడాదికి 6.5 శాతం ఇచ్చే ప్లాన్ అయితే వచ్చేది 26,000, అంటే నెలకు సుమారు 2,167 రూపాయలు. తన తర్వాత భార్యకో భర్తకో కూడా పెన్షన్ రావాలంటే, ఫారంలో ఆ ఆప్షనే ఎంచుకోవాలి. యాన్యుటీ ఒకసారి మొదలయ్యాక ఆప్షన్ మార్చుకోవడం కుదరదు.

విత్‌డ్రాయల్ ఫారంలో శాతం నింపే ముందే రెండు సంగతులు చూసుకోవాలి: ఆ ఆర్థిక సంవత్సరంలో జీతం ఎంత, ఆనాటికి పన్ను మినహాయింపు ఎంత శాతానికి ఉంది.