గేటుకు రంగు వేశారా, వేస్తూ ఉన్నారా?

పొద్దుటి నుంచి గేటుకు రంగు వేస్తున్నారు. కాఫీ తాగుదామని లోపలికి వస్తే, చేతులకు ఆ నీలం మరకలేమిటని ఇంటికొచ్చిన చుట్టం అడిగాడు. ఇంగ్లిషులో జవాబు ‘ఐ హావ్ బీన్ పెయింటింగ్ ది గేట్’. ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. గేటు పూర్తయిందా, సగంలో ఉందా అన్నది ఈ వాక్యం చెప్పదు. మరకలు ఎక్కడివో మాత్రం చెబుతుంది. అదే ఆయన్ని గేటు దగ్గరికి తీసుకెళ్లి కొత్త రంగు చూపిస్తున్నారనుకోండి, ‘ఐ హావ్ పెయింటెడ్ ది గేట్’ అనాలి. ఇది సింపుల్. పని ముగిసింది, ఫలితం ఎదురుగా ఉంది.

కంటిన్యువస్ అంటే పని ఇంకా జరుగుతూనే ఉండాలని చాలామంది బడిలో నేర్చుకున్నారు. ఇక్కడే చిక్కు. కిటికీ తెరిస్తే రోడ్డంతా తడి, ఆకాశంలో ఎండ. అప్పుడు కూడా ‘ఇట్ హాజ్ బీన్ రెయినింగ్’ అనే అంటారు. వాన ఆగింది, దాని గుర్తులు మిగిలాయి. పని కొనసాగుతోందో లేదో సందర్భం తేలుస్తుంది, క్రియారూపం కాదు.

డబ్బాలోని బిస్కెట్ల సంగతి చూడండి. ‘సమ్‌వన్ హాజ్ బీన్ ఈటింగ్ మై బిస్కెట్స్’ అంటే ఎవరో తింటూ వస్తున్నారు, అడుగున ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. ‘సమ్‌వన్ హాజ్ ఈటెన్ మై బిస్కెట్స్’ అంటే డబ్బా ఖాళీ. పని అసంపూర్తిగా ఉందన్న ధ్వని మొదటి దానిలోనే ఉంది.

లెక్క చెప్పాల్సి వస్తే సింపుల్ వాడాలి. మూడు గేట్లు పూర్తి చేస్తే ‘ఐ హావ్ పెయింటెడ్ త్రీ గేట్స్’. ఎంతసేపటి నుంచి అన్నదే ముఖ్యమైతే ‘ఐ హావ్ బీన్ పెయింటింగ్ ఫర్ టూ అవర్స్’.

మనవాళ్లు తడబడేది ఈ కాలవ్యవధి దగ్గరే. ‘రెండు గంటల నుంచి వేస్తున్నాను’ అనే అలవాటుతో ‘ఐ యామ్ పెయింటింగ్ సిన్స్ టూ అవర్స్’ అనేస్తారు. అందులో రెండు తప్పులున్నాయి. వెనక మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి ‘యామ్’ చాలదు, ‘హావ్ బీన్’ కావాలి. వ్యవధికి ‘ఫర్’ వాడాలి. ‘సిన్స్’ పక్కన మొదలైన సమయం రావాలి: ‘సిన్స్ టెన్ ఓ క్లాక్’.

ఎంత వ్యవధి ఉన్నా కంటిన్యువస్‌కు లొంగని క్రియలూ ఉన్నాయి. ఒకరితో పదేళ్ల పరిచయం ఉంటే ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. తెలిసి ఉండటం ఒక స్థితి, చేసే పని కాదు కనుక ‘బీన్ నోయింగ్’ అనరు. నివాసం, ఉద్యోగం విషయంలో మాత్రం పట్టింపు తక్కువ: ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అన్నా, ‘హావ్ బీన్ లివింగ్’ అన్నా దాదాపు ఒకటే.