గల్ఫ్ నుంచి వచ్చేశాక రిటర్నులో ఏ గడి నింపాలి?

గల్ఫ్‌లో పన్నెండు పదమూడేళ్లు చేసి, ఇక చాలనుకుని ఊరికి వచ్చేసినవాళ్లకు ఆదాయపు పన్ను రిటర్నుతో ఒక్కోసారి అనుకోకుండా పని పడుతుంది. ఇక్కడి ఎన్‌ఆర్‌వో డిపాజిట్‌ మీద వచ్చిన వడ్డీలో బ్యాంకు పన్ను పట్టుకుని ఉంటుంది. అది వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. రిటర్ను నింపే పద్ధతి చెప్పే పుస్తకం తెరిస్తే అంతా ఇంగ్లీషే. అందులో పేరు, పాన్‌ నంబరు దాటగానే వచ్చే మొదటి చిక్కుముడి Residential Status. ఆ సంవత్సరంలో మీరు పన్ను లెక్కకు ఈ దేశవాసి అవునా కాదా అన్నదే ఆ ప్రశ్న. దీనికి పాస్‌పోర్టుతోనూ ఆధార్‌తోనూ సంబంధం లేదు. మీరు ఇక్కడ ఎన్ని రోజులున్నారన్నదే లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగిత్యాల దగ్గరి ఊరి మనిషి, 2012లో దుబాయ్‌ వెళ్లి ఏసీ పనుల సూపర్‌వైజర్‌ అయ్యాడనుకుందాం. 2025 డిసెంబరు 18న వీసా రద్దు చేయించుకుని ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు 2025-26 సంవత్సరానికి రిటర్ను వేయాలి. అంటే 2025 ఏప్రిల్‌ 1 నుంచి 2026 మార్చి 31 దాకా. ఫారం మీద ‘అసెస్‌మెంట్‌ ఇయర్‌ 2026-27’ అని కనిపిస్తుంది. అది లెక్క చూసే సంవత్సరం. సంపాదించిన సంవత్సరం దానికి ముందుది. రోజులు లెక్కపెట్టాల్సింది ఆ ముందు సంవత్సరానికే.

ముందు ఆ సంవత్సరంలో ఇక్కడున్న రోజులు కూడాలి. డిసెంబరులో 14, జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31. మొత్తం 104. వచ్చిన రోజును కూడా కలుపుకోవడమే క్షేమం. ఈ మొత్తం 182కు చేరితే ఇంకేమీ చూడకుండానే రెసిడెంటు. ఇక్కడ చేరలేదు. ‘సగం ఏడాది కూడా లేను కదా, నేను ఎన్‌ఆర్‌ఐనే’ అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ గైడ్‌లో దాని కిందే రెండో షరతు ఉంది. ఆ సంవత్సరంలో 60 రోజులు, దానికి ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉన్నా రెసిడెంటే.

ఆ 60 రోజుల మాట విదేశంలో పనిచేసే భారతీయుడికి వర్తించదనీ, అతనికి అది కూడా 182 రోజులేననీ గైడ్‌ మరో చోట చెబుతుంది. అయితే ఆ సడలింపు ఇద్దరికే. ఒకరు ఆ సంవత్సరంలో ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లినవారు. మరొకరు బయట ఉంటూ సెలవుల మీద ఊరికి వచ్చి వెళ్లేవారు. వీసా రద్దు చేయించుకుని, సెటిల్‌మెంట్‌ తీసుకుని వచ్చేసినవాడు సెలవు మీద వచ్చినవాడు కాడు. వచ్చేసిన ఆ ఒక్క సంవత్సరానికి అతనికి 60 రోజుల లెక్కే పడుతుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు వేరే షరతులున్నాయి. మన ఉదాహరణలోని మనిషికి వాటితో పనిలేదు.

ఇక నాలుగేళ్ల లెక్క. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకుని మన విమానాశ్రయం ముద్రలు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకోవాలి. ఇతను 2021 మార్చిలో సెలవుకు వచ్చాడు. కరోనా రెండో విడతలో, ఏప్రిల్‌ చివర్లో, మన దేశం నుంచి యూఏఈ ప్రయాణికులను ఆపేసింది. దాంతో చిక్కుకుపోయి ఆగస్టు 28న గానీ వెళ్లలేకపోయాడు. ఏప్రిల్‌ 1 నుంచి లెక్కిస్తే 2021-22లో 150 రోజులు. తర్వాతి మూడేళ్లు సెలవులకు వచ్చి 70, 75, 80 రోజులు ఉన్నాడు. అన్నీ కలిపితే 375. అంటే 365 దాటింది. కాబట్టి 104 రోజులే ఉన్నా 2025-26కు అతను రెసిడెంటు.

ఈ మాట వినగానే దుబాయ్‌ జీతమంతా పన్ను కింద పోతుందేమోనని గుండె గుభేలుమంటుంది. అసలు ఊరట ఆ తర్వాతి మెట్టులో ఉంది. రెసిడెంట్లు రెండు రకాలు. ఎప్పటి నుంచో ఇక్కడే ఉంటున్న మామూలు రెసిడెంటు ఒకరు. చాలా ఏళ్లు బయట ఉండి ఈమధ్యే వచ్చినవారు రెండో రకం. తెర మీద ఈ రెండో రకం Resident but Not Ordinarily Resident అని కనిపిస్తుంది. పొట్టిగా ఆర్‌ఎన్‌వోఆర్‌ అంటారు. ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌ రెసిడెంటుగా ఉండాలి, లేదా ముందు ఏడేళ్లలో కలిపి ఇక్కడున్నది 729 రోజులు మించకూడదు. ఈ రెంటిలో ఒకటి కుదిరినా చాలు. ఇతను ఆ పదేళ్లూ సెలవుల మీదే వచ్చి వెళ్లాడు. కరోనా ఏడాదిలో కూడా 182 రోజులు దాటలేదు. కాబట్టి పదికి పదేళ్లూ నాన్‌ రెసిడెంటే. ఇప్పుడు ఆర్‌ఎన్‌వోఆర్‌.

ఆర్‌ఎన్‌వోఆర్‌కు ఇక్కడి ఆదాయం మీదే పన్ను. ఇక్కడి నుంచి నడిపే వ్యాపారం ఏదైనా ఉంటే తప్ప, బయట సంపాదించి బయటే అందుకున్న డబ్బు అతని మొత్తం ఆదాయంలో కలవదు. ఏప్రిల్‌ నుంచి డిసెంబరు దాకా అందిన జీతం 13 లక్షల రూపాయలు, ఎన్‌ఆర్‌వో వడ్డీ 60 వేలు అనుకుందాం. ఆ వడ్డీలో బ్యాంకు 31.2 శాతం చొప్పున 18,720 రూపాయలు పట్టుకుంది. సరైన గడి ఎంచుకుంటే పన్ను లెక్కకు వచ్చేది ఆ 60 వేలే. కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా పన్ను లేదు కనుక పట్టుకున్నదంతా వెనక్కి వస్తుంది. అదే మామూలు రెసిడెంటు గడి నొక్కి, నిజాయితీగా దుబాయ్‌ జీతం కూడా చూపించాడనుకోండి. 75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా 12,85,000 మీద సెస్సుతో కలిపి 75,660 రూపాయలు పన్ను తేలుతుంది. మనిషి అదే, డబ్బు అదే. మారింది ఒక్క గడి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బయటి డబ్బు మొదట అందింది బయటే అయి ఉండాలి. జీతం, గ్రాట్యుటీ దుబాయ్‌ ఖాతాలో పడి, అక్కడి నుంచి ఇంటికి పంపుకుంటే అది సొంత డబ్బు తెచ్చుకోవడమే. కంపెనీయే సెటిల్‌మెంట్‌ను నేరుగా ఇక్కడి ఖాతాకు పంపితే మాత్రం, ఆదాయం మొదట అందింది భారత్‌లోనే కదా అన్న పేచీ రావచ్చు. అలా అందిన ఆదాయం నాన్‌ రెసిడెంటుకైనా పన్ను పరిధిలోకి వస్తుంది. అందుకే సెటిల్‌మెంట్‌ పడి, డబ్బు ఇంటికి చేరేదాకా అక్కడి ఖాతా మూయకూడదు.

ఇప్పుడు ఫారం సంగతి. నెట్‌ సెంటర్‌లో అందరికీ వేసినట్టే ఐటీఆర్‌-1 వేసేస్తుంటారు. అది మామూలు రెసిడెంట్ల కోసమే. ఆర్‌ఎన్‌వోఆర్‌ అయినా నాన్‌ రెసిడెంటు అయినా, వ్యాపార ఆదాయం లేకపోతే ఐటీఆర్‌-2 వేయాలి. అందులో రెసిడెంటు వివరాల కింద ఆర్‌ఎన్‌వోఆర్‌ ఎంచుకోగానే, ఏ షరతు కింద అని అడుగుతుంది. పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌ రెసిడెంటునన్న వాక్యాన్ని ఎంచుకోవాలి.

గైడ్‌లో విదేశీ ఆదాయానికి మూడు పట్టికలు కనిపిస్తాయి. Schedule FSI అంటే బయటి దేశంలో వచ్చిన ఆదాయం. అయితే మన మొత్తం ఆదాయంలో కలిసే బయటి ఆదాయాన్నే అందులో రాయాలి. ఇతనికి అలాంటిది లేదు, కాబట్టి ఖాళీ. Schedule TR అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు అడిగే పట్టిక. యూఏఈలో జీతం మీద ఆదాయపు పన్నే లేదు కనుక అదీ ఖాళీయే. పన్ను వసూలు చేసే దేశం నుంచి వచ్చి, ఆ ఆదాయం ఇక్కడ కూడా లెక్కలోకి వచ్చేవాళ్లే దాన్ని నింపాలి. దానికి ఫారం 67 కూడా తోడు పెట్టాలి. మూడోది Schedule FA, బయట ఉన్న ఖాతాలూ ఆస్తులూ చూపే పట్టిక. ఇది మామూలు రెసిడెంట్లకే.

తప్పు గడి ప్రమాదం ఈ మూడో పట్టికలోనే ఎక్కువ. దుబాయ్‌ బ్యాంకుల్లోని ఖాతాల వివరాలు దేశాల మధ్య ఒప్పందం కింద మన పన్ను శాఖకు అందుతాయి. మామూలు రెసిడెంటునని రాసి, బయట ఆస్తులేవీ లేవన్నట్టు రిటర్ను వేస్తే, ఆ రెండూ పొసగక నోటీసు రావచ్చు. 2015 నాటి నల్లధనం చట్టం కింద బయటి ఆస్తి చూపకపోతే జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాకుండా మిగతా ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా వేయకూడదని 2024 అక్టోబరు నుంచి సడలించారు. జరిమానా తప్పినంత మాత్రాన చూపాల్సిన బాధ్యత తప్పదు.

ఎన్‌ఆర్‌ఈ ఖాతా దారి వేరు. దాని వడ్డీకి పన్ను లేకపోవడం ఈ రోజుల లెక్క మీద ఆధారపడి లేదు. విదేశీ మారక చట్టం, అంటే ఫెమా, లెక్కలో బయటి నివాసిగా ఉన్నంతకాలమే ఆ సదుపాయం. స్థిరపడడానికి వచ్చేసిన రోజుతో అది ముగుస్తుంది. కాబట్టి ఇతను డిసెంబరులోనే బ్యాంకుకు వెళ్లి ఖాతాను రెసిడెంటు ఖాతాగా మార్పించుకోవాలి. ఆ తర్వాతి వడ్డీ, ఆర్‌ఎన్‌వోఆర్‌ అయినా సరే, ఇక్కడి ఆదాయమే.

ఈ ఆర్‌ఎన్‌వోఆర్‌ వెసులుబాటు ఎన్నాళ్లుంటుంది? 2026-27లో ఇతను ఏడాదంతా ఇక్కడే ఉంటాడు. దానికి ముందు పదేళ్లలో 2025-26 ఒక్కటే రెసిడెంటు సంవత్సరం, మిగతా తొమ్మిదీ నాన్‌ రెసిడెంటు. కాబట్టి మళ్లీ ఆర్‌ఎన్‌వోఆరే. ఆ సంవత్సరం నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా ఈ షరతులు మారలేదు. 2027-28కి వచ్చేసరికి వెనక పదేళ్లలో నాన్‌ రెసిడెంటు సంవత్సరాలు ఎనిమిదే. ఏడేళ్ల మొత్తం కూడా 729 దాటిపోతుంది. అప్పటి నుంచి మామూలు రెసిడెంటు. దుబాయ్‌ ఖాతాలో పడే వడ్డీ కూడా లెక్కలోకి వస్తుంది.

నాలుగేళ్ల మొత్తం 375 కాకుండా 364 అయి ఉంటే, 2025-26కు నాన్‌ రెసిడెంటే అయ్యేవాడు. ఆ తర్వాతి రెండేళ్లూ ఆర్‌ఎన్‌వోఆర్‌గా సాగేవి. కరోనాలో చిక్కుకున్న రోజులు అతనికి ఒక ఏడాది వెసులుబాటును మింగేశాయి. ఇప్పుడే తిరిగి రావాలనుకుంటున్నవాళ్లు టికెట్‌ కొనేముందు ఈ కూడిక వేసుకోవాలి. నాలుగేళ్ల మొత్తం 365 దాటిందని తేలితే, ఫిబ్రవరి మొదటివారం దాకా ఆగి వస్తే ఆ ఏడాదిలో 60 రోజులు నిండవు. అదే ఏడాది ముందు సెలవుకు వచ్చి ఉంటే ఆ రోజులూ కలుపుకోవాలి.

బయటి ఖాతాల పట్టిక ఆర్థిక సంవత్సరం ప్రకారం నడవదు. అది జనవరి నుంచి డిసెంబరు దాకా చూస్తుంది. ఇప్పటి పద్ధతే కొనసాగితే, 2027-28 రిటర్నులో 2027 జనవరి 1 తర్వాత ఒక్కరోజు తెరిచి ఉన్న ఖాతా కూడా చూపాలి. అవసరం తీరిన దుబాయ్‌ ఖాతాను 2026 డిసెంబరు 31లోపే మూసి, మూసినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని వీసా రద్దు పత్రంతోనూ పాత పాస్‌పోర్టుతోనూ కలిపి దాచుకోవాలి. రోజుల లెక్క మీద ఎప్పుడైనా ప్రశ్న వస్తే చూపాల్సిన రుజువులు అవే.